ఖాళీ చేస్తున్నానని రాసిన ఉత్తరం

ఇల్లు ఖాళీ చేస్తానని బెదిరించే ఉత్తరం వేరు, ఖాళీ చేస్తున్నానని తెలియజేసే ఉత్తరం వేరు. అద్దె ఒక్కసారిగా పెరిగినప్పుడు మనలో చాలామంది మొదటిది రాస్తారు, లేదా ఫోన్‌లో చెబుతారు. ఓనరు కాస్త తగ్గితే ఉండిపోదామన్న ఆశ అందులో కనిపిస్తూనే ఉంటుంది, కాబట్టి ఆయన తగ్గడు. నేను ఈ వేసవిలో రెండోది రాశాను. ఎందుకు అలా రాశానో, అందులో ఏ వాక్యం ఎందుకు ఉందో, ఏది కావాలని వదిలేశానో వివరంగా చెబుతాను. అద్దెకుండేవాళ్ల చేతిలో ఉన్న సాధనాల్లో ఈ ఉత్తరమే గట్టిదని, దాన్ని మనం సరిగ్గా వాడటం లేదని నా అభిప్రాయం.

మాది హైదరాబాద్‌లో నాచారం. రెండు పడకగదుల ఇల్లు, మొదటి అంతస్తు. నేను, మా అమ్మ, ఏడో తరగతికి వచ్చిన మా అబ్బాయి. చేరినప్పుడు అద్దె 18,000, డిపాజిట్ రెండు నెలల అద్దె, అంటే 36,000. స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాసుకున్న అగ్రిమెంటు. అందులో కొత్త అగ్రిమెంటు రాసుకున్న ప్రతిసారీ అయిదు శాతం పెంపు అనీ, ఎవరు వద్దనుకున్నా నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలనీ ఉంది. మొదటి పదకొండు నెలలు గడిచాక అద్దె 18,900 అయింది. ఆ రెండో అగ్రిమెంటు గడువు జూన్ 30. మే నెల మధ్యలో ఓనరు గారు పైకి వచ్చి, "చూడమ్మా, బయట అద్దెలు ఎక్కడికో వెళ్లిపోయాయి. జూలై నుంచి ఇరవై అయిదు వేలు చేద్దాం" అన్నారు.

అయిదు శాతం లెక్కన అది 19,845 కావాలి. ఆయన అడిగింది 6,100 ఎక్కువ, అంటే మూడో వంతుకు కొంచెం తక్కువ. నేను 20,800 వరకు ఇస్తానన్నాను, అది పది శాతం. "కుదరదమ్మా" అన్నారు. కోపంగా ఏమీ అనలేదు. మనిషి మంచివారే, నీళ్ల విషయంలో గానీ పార్కింగ్ విషయంలో గానీ మమ్మల్ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

ఈ సంగతి చెప్పగానే నాకు రెండు రకాల సలహాలు వచ్చాయి. ఒకటి: "ఇచ్చేయి, ఇప్పుడు సామాను మోసుకుని ఎక్కడ తిరుగుతావు?" రెండోది: "చట్టం నీ పక్షాన ఉంది, పాత అద్దే వేస్తూ కూర్చో, ఆయన ఏమీ చేయలేడు." రెండూ తప్పనే నా వాదన.

రెండోదాన్ని ముందు తీసుకుంటాను. అది వినడానికి ధైర్యంగా ఉంటుంది, అందుకే ఎక్కువ నష్టం చేస్తుంది. అద్దె నియంత్రణ చట్టం అనగానే మనకు గుర్తొచ్చేది 1960 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం, తెలంగాణలో ఇప్పటికీ అదే ఉంది. కానీ 2005 సవరణ తరువాత, మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు దాని పరిధిలోకి రావు. ఈ రోజు నాచారంలో ఆ అద్దెకు ఒక్క గది కూడా దొరకదు. కాబట్టి నాలాంటివాళ్లకు ఆ చట్టం రక్షణ ఇవ్వదు. మిగిలింది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. దాని 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు ఇంటి అద్దె నెల నెలా సాగే అద్దె కిందే లెక్క, దాన్ని ఇరుపక్షాల్లో ఎవరైనా పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. గడువు ముగిశాక నన్ను బయటికి గెంటే హక్కు ఓనరుకు లేని మాట నిజమే, ఆయన కోర్టుకు వెళ్లాలి, దానికి ఏళ్లు పడుతుంది. కానీ కేసు నడిచే ఆ ఏళ్లన్నీ నేను ఆయన ఇంట్లోనే ఉండాలి. కింద ఆయన, పైన మేము. మోటారు స్విచ్చి ఆయన చేతిలో ఉంటుంది, గేటు తాళం ఆయన చేతిలో ఉంటుంది. మా అబ్బాయి సైకిలు పెట్టుకునే చోటు కూడా ఆయన స్థలమే. అలా నిలబడితే నాకు మిగిలేది రోజూ ఒక గొడవ.

ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. అయిదు శాతం అని రాసుకున్న అగ్రిమెంటు జూన్ 30తో ముగుస్తుంది. కొత్తది రాసుకునే పక్షంలో అయిదు శాతం అని అందులో ఉందే తప్ప, కొత్తది రాసి తీరాలని ఎక్కడా లేదు. ఇల్లు ఆయనది. జూలై నుంచి ఎంతకు ఇవ్వాలో అడిగే హక్కు ఆయనకు ఉంది, అక్కర్లేదని వెళ్లిపోయే హక్కు నాకు ఉంది. ఈ రెండు హక్కులూ సమానమైనవని మనం నమ్మం, అక్కడే చిక్కంతా వస్తుంది. ఆయన అడగడాన్ని వ్యాపారంగా చూస్తాం, మనం వెళ్లడాన్ని ఓటమిగా చూస్తాం.

ఇక మొదటి సలహా, ఇచ్చేయమన్నది. దీనికి జవాబు లెక్కల్లోనే ఉంది. 25,000కూ 19,845కూ తేడా నెలకు 5,155, ఏడాదికి 61,860. ఇది ఒక్క ఏడాది మాటే కాదు, వచ్చే సారి పెంచేది ఈ 25,000 మీద. మారడానికి అయ్యే ఖర్చు దానికి ఎదురుగా పెట్టి చూశాను. పక్కనే ఉన్న మల్లాపూర్‌లో మాకు నచ్చిన ఇల్లు అద్దె 20,500. బ్రోకరుకు సగం నెల, 10,250. సామాను లారీకి, మనుషులకు 9,000. ఏసీ విప్పి మళ్లీ బిగించడానికి 3,500. ఇంటర్నెట్ మార్పు, కర్టెన్ల కడ్డీలు, గీజరు బిగింపు లాంటి చిల్లర ఖర్చులకు మరో 2,500. మొత్తం 25,250. పాత ఇంట్లో 25,000 ఇచ్చి ఉండటంతో పోలిస్తే కొత్త ఇంట్లో నెలకు 4,500 మిగులుతుంది. అంటే ఆరు నెలలు తిరగకుండానే మారిన ఖర్చు తిరిగి వస్తుంది. "మారడం తలకు మించిన ఖర్చు" అన్న మాట అందరం అంటాం గానీ, కాగితం మీద వేసి చూసినవాళ్లు తక్కువ.

అసలు ఇబ్బంది ఈ ఖర్చు కాదు, కొత్త డిపాజిట్. కొత్త ఇంటికి 41,000 ముందుగా కట్టాలి, పాత ఇంటి 36,000 తాళాలిచ్చాక గానీ రాదు. నెలాఖరులో ఆ నలభై వేలు చేతిలో లేకపోవడం వల్లే చాలామంది పెంచిన అద్దెకు తల వంచుతారు. ఓనర్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే నా ఉత్తరంలో సగం డిపాజిట్ గురించే ఉంది.

ఓనరు లెక్క కూడా వేయాలి. అది వేయకుండా ఉత్తరం రాస్తే మన స్థానం ఏమిటో మనకే తెలియదు. ఆయన 25,000 అడిగినా కొత్తవాళ్లు 23,000కు కుదిరారనుకుందాం. నా 19,845తో పోలిస్తే ఏడాదికి 37,860 లాభం. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే అందులో 23,000 పోయినట్టే. కొత్తవాళ్లు రంగులు వేయమంటారు, రెండు గదుల ఇంటికి ఇరవై వేలు ఎక్కడికీ పోవు. మొదటి ఏడాది ఆయనకు మిగిలేది ఏమీ ఉండదు. అదే, మేము వెళ్లిన మర్నాడే 25,000కు ఎవరైనా చేరితే ఆయన అడిగింది సరైనదే అవుతుంది. ఈ రెండింటిలో ఏది జరుగుతుందో తెలుసుకోవడానికి మన వీధిలో నడిస్తే చాలు. అవే టు లెట్ బోర్డులు నెల తరువాత కూడా వేలాడుతున్నాయా, బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే అదే సైజు ఇంటికి ఎంత చెబుతున్నారు, చివరికి ఎంతకు దిగుతున్నారు, అపార్టుమెంట్ల వాచ్‌మన్లు ఏమంటున్నారు. నేను అడిగిన చోట్ల రెండు గదుల ఇళ్లు ఇరవై నుంచి ఇరవై మూడు వేల మధ్య ఉన్నాయి. ఇరవై అయిదు చెప్పినవి లిఫ్టు, జనరేటరు ఉన్న కొత్త అపార్టుమెంట్లు. ఒకవేళ అన్నిచోట్లా ఇరవై అయిదే చెప్పి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఆయన మార్కెట్ రేటు అడిగినట్టు అవుతుంది, నాకు ఇంకా చిన్న ఇల్లో, దూరపు ఇల్లో వెతుక్కోవడమే మిగిలి ఉండేది.

నెలల సంగతి కూడా చూసుకోవాలి. ఈసారి జూన్ ఆఖరు వారంలోనే ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంలో కొత్త ఇంట్లో పాలు పొంగించేవాళ్లు తక్కువ. పైగా జూన్ 12న బడులు తెరిచాక పిల్లలున్న కుటుంబాలు అంత తేలిగ్గా కదలవు. అందుకే జూలై మొదట్లో ఖాళీ అయిన ఇల్లు శ్రావణం దాకా ఖాళీగా ఉండిపోయే అవకాశం ఎక్కువ. నమ్మకం ఉన్నా లేకపోయినా ఓనరుకు ఇది నిజమైన నష్టం. అద్దెకుండేవాళ్లకూ ఇదే చిక్కు ఉంటుంది కానీ దానికి దారి ఉంది. ఆషాఢం రాకముందే ఒక మంచి రోజున కొత్త ఇంట్లో పాలు పొంగించి, నాలుగు గిన్నెలు, ఒక చాప పెట్టి వచ్చేస్తే, సామాను ఎప్పుడు తీసుకెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. మా అమ్మ పట్టుబట్టి అలాగే చేయించింది.

ఉత్తరం ఇది. మే 25న ఇచ్చాను.

"గౌరవనీయులైన ఇంటి యజమాని గారికి,

మీ ఇంటి మొదటి అంతస్తులో నేను అద్దెకు ఉంటున్న భాగానికి సంబంధించి మన మధ్య ఉన్న అగ్రిమెంటు గడువు జూన్ 30తో ముగుస్తుంది. జూలై 1 నుంచి అద్దె నెలకు 25,000 రూపాయలు చేయాలని మీరు చెప్పారు. ఆ అద్దెకు నేను అంగీకరించడం లేదు. కాబట్టి అగ్రిమెంటును పొడిగించుకోకుండా జూన్ 30 సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేసి, తాళాలు మీకు అప్పగిస్తాను. అగ్రిమెంటులో ఉన్న నెల రోజుల నోటీసుగా ఈ ఉత్తరాన్ని స్వీకరించగలరు.

జూన్ నెల అద్దె 18,900 రూపాయలను మీ దగ్గర ఉన్న నా డిపాజిట్ 36,000 నుంచి మినహాయించుకోవాలని కోరుతున్నాను. ఇందుకు మీకు అభ్యంతరం ఉంటే జూన్ 1లోగా తెలియజేయండి, ఎప్పటిలాగే 5వ తేదీన అద్దె పంపిస్తాను. మిగిలిన డిపాజిట్‌ను, ఖాళీ చేసే రోజు వరకు వచ్చే కరెంటు బిల్లు తీసుకుని, తాళాలు అప్పగించే సమయంలో నాకు చెల్లించగలరు. ఇంటికి ఏదైనా నష్టం జరిగిందని మీరు భావిస్తే జూన్ 22న గానీ, మీకు వీలైన మరో రోజున గానీ మనం కలిసి ఇల్లు చూసి, ఏమిటో, ఎంతో రాసుకుందాం.

జూన్ 10 తరువాత కొత్తవాళ్లకు ఇల్లు చూపించాలంటే ముందు రోజు ఫోన్ చేసి చెప్పండి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య చూపిస్తాను.

ఈ ఇంట్లో మీరు మమ్మల్ని బాగా చూసుకున్నారు, అందుకు కృతజ్ఞతలు."

కింద సంతకం, తేదీ.

ఇందులో నేను వదిలేసినవి చెబుతాను. 20,800 ఇస్తానన్న మాట లేదు. బేరం నోటితో జరిగింది, ముగిసింది. ఉత్తరంలో ఒక అంకె రాస్తే అది మళ్లీ బేరం అవుతుంది, ఖాళీ చేసే నోటీసు కాదు. "ఇంత దారుణంగా పెంచుతారని అనుకోలేదు" లాంటి నొప్పి కూడా లేదు. అది నాకు లేక కాదు. మా అబ్బాయి గోడ మీద ఎత్తు గీతలు గీసుకున్న ఇల్లది, నొప్పి ఉండదా? కానీ ఆ వాక్యం చదివిన ఓనరు జవాబు ఇవ్వాల్సింది ఆ వాక్యానికే అనుకుంటారు. తన అప్పులు, తన కూతురి పెళ్లి, మునిసిపల్ పన్ను అన్నీ చెబుతారు. డిపాజిట్ గురించిన వాక్యం మరుగున పడుతుంది. "ఒకవేళ మీరు తగ్గిస్తే ఉంటాం" అన్న మాట అసలే లేదు. ఆ ఒక్క మాటతో మొత్తం ఉత్తరం బెదిరింపుగా మారిపోతుంది.

మరో చిన్న విషయం. ఉత్తరం మీద సంతకం అగ్రిమెంటులో పేరున్నవారే పెట్టాలి. మా అగ్రిమెంటు నా పేరునే ఉంది. చాలా ఇళ్లలో అగ్రిమెంటు భర్త పేరున ఉంటుంది, ఆయన ఎక్కడో ఉద్యోగంలో ఉంటాడు, ఇక్కడ ఉన్న భార్య రాసి ఇస్తుంది. తరువాత గొడవ వస్తే "నాకు ఆయన చెప్పలేదు కదా" అనడానికి ఓనరుకు వీలు ఉంటుంది. భర్తతో సంతకం చేయించి తెప్పించుకోవడం, లేదా ఆయన ఫోన్ నుంచే ఉత్తరం ఫోటో పంపించడం మంచిది.

ఎలా అందించాలన్నదానికి 106వ సెక్షన్‌లోనే జవాబు ఉంది. నోటీసు రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. పోస్టులో పంపవచ్చు, చేతికి ఇవ్వవచ్చు, ఇంట్లోవారికి ఇవ్వవచ్చు. నేను రెండు ప్రతులు తీసుకెళ్లాను. ఒకటి ఆయనకు ఇచ్చి, రెండోదాని మీద "అందింది" అని రాయించి సంతకం తీసుకున్నాను. సంతకం చేయడానికి ఆయన కొంచెం తటపటాయించారు. "ఇది మీరు ఒప్పుకున్నట్టు కాదు అంకుల్, అందినట్టు మాత్రమే" అని చెప్పాక చేశారు. చేయకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకునేదాన్ని. వాట్సాప్‌లో ఫోటో కూడా పంపాను. ఆ రెండు నీలం టిక్కులు ఉత్తరానికి బదులు కావు, కానీ తేదీకి తోడుగా పనికొస్తాయి.

ఉత్తరం ఇవ్వడానికి ముందే ఇళ్లు చూసి పెట్టుకోవాలి. ఈ వరసను నేను గట్టిగా చెబుతాను. చేతిలో వేరే ఇల్లు లేకుండా నోటీసు ఇస్తే జూన్ మూడో వారానికల్లా మనమే వెళ్లి బతిమాలుకోవాల్సి వస్తుంది, అప్పుడు ఆయన ఇరవై ఆరు అన్నా అడిగే నోరు ఉండదు. నేను మల్లాపూర్ ఇల్లు చూసి, ఆ ఓనరుతో జూలై 1 నుంచి అద్దె అని మాట అనుకుని, ఆ తరువాత పాత ఇంటి ఉత్తరం ఇచ్చాను. ఉత్తరం ఇచ్చిన మర్నాడు టోకెన్ అడ్వాన్సు కట్టాను. తాళం మాత్రం జూన్ 20కే ఇచ్చేశారు, పాలు పొంగించుకోవడానికి. ఆ పది రోజులకు అద్దె అడగలేదు, ఎందుకంటే ఆ ఇల్లు అప్పటికే ఖాళీగా ఉంది. ఖాళీ ఇంటి ఓనరు ఎంత మెత్తగా మాట్లాడతారో అక్కడే చూశాను.

పెంచిన అద్దెను "ఒక్క నెల వేసి చూద్దాం" అనుకోవడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. జూలై 5న ఫోన్‌లో 25,000 పంపారంటే ఆ ఇంటి అద్దె ఇక అంతే. ఏ కాగితం మీదా సంతకం చేయకపోయినా మీ బ్యాంకు ఖాతాయే సాక్ష్యం. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టంలో కూడా ఈ తర్కమే కనిపిస్తుంది. పెంపు గురించి ఓనరు మూడు నెలల ముందు రాతలో చెప్పాలి, చెప్పాక అద్దెకుండేవారు ఖాళీ చేస్తామని నోటీసు ఇవ్వకపోతే పెంపును ఒప్పుకున్నట్టే లెక్క. ఆ చట్టం నమూనా మాత్రమే, ఏ రాష్ట్రమైనా తన చట్టంగా చేసుకుంటే తప్ప వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు 2017లో అక్కడ చేసిన అద్దె చట్టాన్ని చూసుకోవాలి. కానీ మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే అన్న సూత్రం అన్నిచోట్లా ఆచరణలో ఉన్నదే. పెంపుకు జవాబుగా చట్టం రాసినవాళ్లు కూడా గుర్తించినది ఈ ఉత్తరాన్నే.

డిపాజిట్‌లో అద్దె మినహాయించుకోమనడం గురించి. మనవాళ్లలో చాలామంది చివరి రెండు నెలలు అద్దె కట్టడం మానేసి "డిపాజిట్‌లో చూసుకోండి" అంటారు. అది నాకు నచ్చదు. డిపాజిట్ ఉన్నది బాకీలకూ, పాడైనవాటికీ హామీగా. మొత్తం అద్దెకే సరిపెట్టేస్తే రేపు కరెంటు బిల్లుకు, విరిగిన సింకుకు ఆయన ఎవరిని అడగాలి? అగ్రిమెంటులో రాసుకోకపోతే ఓనరు ఒప్పుకోకుండా అలా చేయడం అద్దె ఎగ్గొట్టడమే. అందుకే ఒక్క నెల మాత్రమే అడిగాను, అదీ వద్దంటే కడతానని రాశాను. దాదాపు ఒక నెల అద్దె ఆయన దగ్గర హామీగా ఇంకా ఉంటుంది, నాకు కొత్త డిపాజిట్‌కు పద్దెనిమిది వేల తొమ్మిది వందలు చేతిలో మిగులుతుంది. ఆయన ఒప్పుకున్నారు. ఇద్దరికీ సగం సగం నమ్మకం ఉన్నప్పుడు ఇంతకన్నా న్యాయమైన పద్ధతి నాకు తోచలేదు.

జూన్ మొదటి వారంలో ఆయన ఫోన్ చేశారు. "పోనీ, ఇరవై ఒకటిన్నర చేద్దాం, ఉండిపోండమ్మా." నేను మొదట ఇస్తానన్నదానికి ఏడు వందలే ఎక్కువ. కొత్త ఇంటి కన్నా వెయ్యి ఎక్కువే అయినా, మారే ఖర్చు పాతిక వేలు మిగిలేవి. అయినా వద్దన్నాను. కొత్త ఇంటివారికి మాట ఇచ్చి, డబ్బు కట్టి ఉన్నాను, అది మొదటి కారణం. రెండోది, పది రోజుల్లో మూడున్నర వేలు దిగగలిగిన మనిషి మే నెలలో అడిగినది మార్కెట్ రేటు కాదు, నేను కదలలేనన్న ధీమా. వచ్చే ఏడాది ఆ ధీమా మళ్లీ వస్తుంది, అప్పుడు నేను రాసే ఉత్తరాన్ని ఆయన నమ్మరు. నా స్నేహితురాలు దీన్ని మొండితనం అంది. ఇప్పటికీ ఒప్పుకోను. ఓనరు తగ్గగానే ఆగిపోతే మే 25న రాసింది అబద్ధమవుతుంది, నేను అబద్ధం రాయలేదు.

అనుకున్నట్టే జూన్ 22న ఇద్దరం ఇల్లు తిరిగి చూశాం. చేరినప్పుడు ఫోన్‌లో తీసిపెట్టుకున్న ఫోటోలు దగ్గర పెట్టుకున్నాను. వంటగది గోడకు తడి మరక అప్పుడే ఉంది, ఫోటోలో కనిపించింది, అది పక్కకు పోయింది. స్నానాల గదిలో టైల్స్‌కు నేను వేయించిన రంధ్రాలు రెండు ఉన్నాయి, ఒక టైలు పగిలింది. అది నాదే. మేస్త్రీని అడిగితే 1,500 అన్నాడు, ఒప్పుకున్నాను. అప్పుడు ఆయన, "రంగులకు ఒక నెల అద్దె తీసుకుంటాం కదమ్మా, అందరూ ఇస్తారు" అన్నారు.

ఈ రంగుల ఖర్చు గురించి అద్దెకుండేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. అదే ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించాలి, కానీ మామూలు వాడుకలో వచ్చే అరుగుదలకు అద్దెకున్నవారు బాధ్యులు కారు. గోడ రంగు వెలవడం అరుగుదలే. అయితే ఆ సెక్షన్ మొదట్లోనే, దీనికి విరుద్ధంగా ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడు అని ఉంటుంది. అగ్రిమెంటులో "రంగులకు ఒక నెల అద్దె" అని రాసి ఉంటే ఇక వాదనకు తావు లేదు, ఇచ్చుకోవాల్సిందే. రాసి లేకపోతే ఓనరు "ఇక్కడ అందరూ ఇస్తారు" అని ఆచారం మీద ఆధారపడతారు. ఆయన ఆ మాట వాడింది అందుకే కావచ్చు, తెలిసి అన్నా తెలియక అన్నా. మా అగ్రిమెంటులో రంగుల మాట లేదు. ఆ పేజీ తెరిచి చూపించాను. "నేను వచ్చినప్పుడు కూడా కొత్త రంగులు లేవు అంకుల్, ఈ ఫోటో చూడండి" అన్నాను. కాసేపు చూసి, సరేనన్నారు. కొత్తగా అగ్రిమెంటు రాసుకునేవాళ్లు ఈ ఒక్క వాక్యం ఉందో లేదో చూసుకోండి. మల్లాపూర్ అగ్రిమెంటులో అది ఉంది. నేను దాన్ని "రెండేళ్లు దాటి ఉంటే సగం" అని మార్పించాను.

జూన్ 30 సాయంత్రం కరెంటు మీటరు ఫోటో తీశాను. బిల్లు వచ్చేదాకా ఆగితే డిపాజిట్ కూడా ఆగుతుంది, కాబట్టి కిందటి బిల్లు రీడింగు నుంచి ఆ రోజుకు ఎన్ని యూనిట్లో చూసి 1,180 అని ఇద్దరం అనుకున్నాం. 36,000లో జూన్ అద్దె 18,900 పోగా 17,100. అందులో కరెంటుకు 1,180, టైలుకు 1,500 తీస్తే 14,420. తాళాలు ముందా, డబ్బు ముందా అన్నది చాలా ఇళ్లలో పేచీ అవుతుంది. "రేపు వేస్తానమ్మా, తాళాలు ఇచ్చి వెళ్లు" అన్న మాటకు తాళాలు ఇచ్చేసి, నెలల తరబడి ఫోన్లు చేసినవాళ్లు నాకు తెలుసు. మేము ఆయన ముందు గదిలోనే కూర్చుని, లెక్క ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆయన ఫోన్‌లో 14,420 పంపారు, నా ఫోన్‌కు సందేశం వచ్చాక మూడు తాళాలూ బల్ల మీద పెట్టాను. ఆ రాత్రి "ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించాను, డిపాజిట్ లెక్క పూర్తయింది" అని వాట్సాప్‌లో ఒక వాక్యం పంపాను. ఆయన "సరే అమ్మా" అని జవాబిచ్చారు.